తిన్నావా, తిన్నవా: వాట్సాప్ సరసంలో లిపి తెచ్చే తేడా

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఒకరి మీద ఒకరికి ఇష్టం మొదలైన ఇద్దరు పంపుకునే సందేశాలు చాలా వరకు ఇంగ్లిష్ అక్షరాల తెలుగులోనే ఉంటాయి. ఫోనులో తెలుగు కీబోర్డు ఉన్నా, ఇద్దరూ పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివినా ఈ అలవాటు మారదు. ఎందుకని అడిగితే, తెలుగు లిపిలో రాస్తే బడిలో సారు నోటీసు రాసినట్టు ఉంటుందనీ, మాటల్లోని దగ్గరితనం పోతుందనీ చెబుతారు. వారి అనుభవం నిజమే గానీ వారు చూపే కారణం సరైనది కాదని నా అభిప్రాయం. తెలుగు లిపిలో రాయడం మొదలుపెట్టగానే మనకు తెలియకుండానే పుస్తకాల తెలుగు చేతికి వస్తుంది. దూరం పెంచేది ఆ పుస్తకాల తెలుగే. నింద మాత్రం లిపి మీద పడుతున్నది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే, ఏ మాట ఏ అక్షరాల్లో ఎలా తగులుతుందో తేలికగా అర్థమవుతుంది.

అలవాటు మూలం ఎస్సెమ్మెస్ కాలంలో ఉంది. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్ అక్షరాలైతే 160 పట్టేవి; తెలుగు లిపి వాడిన మరుక్షణం ఆ హద్దు 70కి పడిపోయేది. పైగా ఫోను గుణింతాన్నీ, పొల్లునూ విడివిడిగా లెక్కపెడుతుంది, ఒక్కో ఒత్తును రెండుగా లెక్కపెడుతుంది. ‘మస్తున్నవ్’ అన్న మాట చూపుకు నాలుగు అక్షరాలే గానీ ఫోను లెక్కలో అది 10. ప్రతి ఎస్సెమ్మెస్‌కూ డబ్బు కట్టే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. అప్పటి మామూలు ఫోన్లలో చాలావాటిలో తెలుగు అక్షరాలు ఖాళీ గళ్లుగా కనిపించేవి కూడా. అలా ఒక తరం మొత్తం తమ తొలి సరసపు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంది. వాట్సాప్ వచ్చి ఆ ఇబ్బందులు తీరాక కూడా సరసం ఆ అక్షరాల్లోనే ఉండిపోయింది. తెలుగు లిపి మాత్రం పండుగ శుభాకాంక్షలకూ, సంతాపాలకూ, బంధువుల గ్రూపుల్లో తిరిగే సుభాషితాలకూ స్థిరపడింది. ఇప్పటి యువతకు తమ ఫోనులో కనిపించే తెలుగు లిపి ఎక్కువగా ఇలాంటి చోట్లదే కావడంతో, ఆ గంభీరత అక్షరాలకే అంటినట్టు అనిపిస్తుంది.

ఒక సందర్భాన్ని ఊహించుకుని వివరంగా చూద్దాం. అతనికి 27 ఏళ్లు, హనుమకొండలో ఒక బ్యాంకులో పని చేస్తాడు. ఆమెకు 25, కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. స్నేహితురాలి పెళ్లిలో పరిచయమయ్యారు. ఆ సాయంత్రం అందరితో కలిసి భద్రకాళి చెరువు కట్ట మీద కాసేపు తిరిగి, ఆమె హనుమకొండ బస్టాండులో బస్సెక్కి వెళ్లిపోయింది. రాత్రి తొమ్మిదింటికి అతను ఆమెకు సందేశం పంపాలనుకుంటున్నాడు. చెప్పదలచినవి మూడే మాటలు: ఇల్లు చేరిందా, తిన్నదా, ఆ చీరలో బాగుంది. ఈ మూడు మాటలనూ అతను మూడు విధాలుగా రాయగలడు.

మొదటిది ఇంగ్లిష్ అక్షరాల్లో: “Intiki poyinava? Tinnava? Aa cheera la manchigunnav.”

రెండవది తెలుగు లిపిలో, చేయి అలవాటుగా పోయే దారిలో: “ఇంటికి వెళ్లావా? భోజనం చేశావా? ఆ చీరలో చాలా అందంగా ఉన్నావు.”

మూడవది తెలుగు లిపిలోనే, నోటితో అన్నట్టే: “ఇంటికి వోయినవా? తిన్నవా? ఆ చీరల మంచిగున్నవ్.”

సాధారణంగా జనం పోల్చేది మొదటి రెండింటినే. ఆ పోలికలో తెలుగు లిపి ఓడిపోవడం సహజం, ఎందుకంటే అక్కడ మారింది అక్షరాలు మాత్రమే కాదు. ‘పోయినవా’ పోయి ‘వెళ్లావా’ వచ్చింది, ‘తిన్నవా’ పోయి ‘భోజనం చేశావా’ వచ్చింది, ‘మంచిగున్నవ్’ పోయి ‘చాలా అందంగా ఉన్నావు’ వచ్చింది. కట్ట మీద ఆమె పక్కన నడుస్తూ అతను ఒక్కసారి కూడా ‘భోజనం చేశావా’ అని ఉండడు. రెండు గంటల కిందట మామూలుగా మాట్లాడిన మనిషి ఇప్పుడు ఇంటర్వ్యూకు వచ్చినట్టు మాట్లాడుతున్నాడని ఆమెకు అనిపిస్తే అందులో ఆశ్చర్యం లేదు. ఆమె కూడా అదే తీరున ‘చేశాను, ధన్యవాదాలు’ అని జవాబిస్తే సంభాషణ అక్కడికక్కడే ముగుస్తుంది.

మొదటి సందేశం వెచ్చగా తోచడానికి ఇంకొక కారణం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఇంగ్లిష్ అక్షరాల్లో సాధారణంగా దీర్ఘం, హ్రస్వం తేడా కనబడదు. “Tinnava” అని రాస్తే వరంగల్ మనిషి దాన్ని ‘తిన్నవా’ అని చదువుకుంటుంది, విజయవాడ మనిషి ‘తిన్నావా’ అని చదువుకుంటుంది. రాసినవాడు దేన్ని ఉద్దేశించాడన్న ప్రశ్నే రాదు. చదివే మనిషి చెవిలో తన ఇంటి గొంతే మోగుతుంది. అంటే ఇంగ్లిష్ అక్షరాల సందేశంలో వెచ్చదనంలో కొంత భాగాన్ని చదివేవారే తెచ్చి నింపుతున్నారు. తెలుగు లిపి ఆ వెసులుబాటు ఇవ్వదు. ‘న్న’ తర్వాత దీర్ఘం పెట్టాలా వద్దా అని రాసేవాడే తేల్చుకోవాలి, తేల్చుకున్న వెంటనే అతను ఏ తెలుగులో మాట్లాడుతున్నాడో కాగితం మీద పెట్టినట్టే. బడిలో ఏళ్ల తరబడి ఎర్ర సిరాతో దిద్దించుకున్న చేయి ఆ క్షణంలో దీర్ఘం వైపే పోతుంది.

మూడవ సందేశం ఈ చిక్కును దాటుతుంది, నా దృష్టిలో ఈ మూడింటిలో అన్నిటికంటే దగ్గరిది అదే. ఇక్కడ ఆమె ఊహించి నింపుకోవలసింది ఏమీ లేదు. అతని గొంతు ఉన్నది ఉన్నట్టు వచ్చింది. అంతకంటే ముఖ్యంగా, తెలంగాణలో ఇంటి మాటను తెలుగు అక్షరాల్లో రాయడానికి ఒక బరువు ఉంది. ‘మంచిగున్నవ్’, ‘చీరల’, ‘వోయినవా’ అన్న రూపాలు చాలాకాలం బడి పుస్తకంలో చోటు లేనివి, సినిమాలో నవ్వించడానికే పనికొచ్చినవి. వరంగల్‌కు చెందిన కాళోజీ నారాయణరావు జనం మాట్లాడే భాషే రాతలోకి రావాలని జీవితమంతా వాదించారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కవిత్వంలోకి, పత్రికల్లోకి ఆ మాట వచ్చింది గానీ, ఇద్దరి మధ్య నడిచే సందేశాల్లోకి తెలుగు లిపితో సహా ఇంకా పూర్తిగా రాలేదు. అందువల్ల వచ్చినప్పుడు అది ప్రత్యేకంగా తగులుతుంది. తన అమ్మమ్మ నోట విన్న మాట, తనను ఇష్టపడుతున్నవాడి సందేశంలో, తన అక్షరాల్లో కనిపించడం ఆమెకు మామూలు అనుభవం కాదు.

దీనికి ఒక హద్దు ఉంది. ‘ఆ చీరల మంచిగున్నవ్’ అన్న వాక్యం కరీంనగర్ అమ్మాయికి సూటిగా అర్థమవుతుంది. అదే రాజమండ్రి నుంచి వచ్చి హనుమకొండలో చదువుకుంటున్న అమ్మాయికి పంపితే, ‘చీరల’ అంటే ‘చీరల యొక్క’ అని చదివి ఒక క్షణం ఆగవలసి వస్తుంది. సరసంలో ఆ ఒక్క క్షణమే నష్టం. అటువంటప్పుడు ‘చీరలో’ అని రాసి, మిగిలిన వాక్యాన్ని ఇంటి మాటలో ఉంచితే సరిపోతుంది.

ఇంగ్లిష్ అక్షరాల వైపు ఉన్న లోపం దీర్ఘాలతోనే ఆగదు. ‘ల’కూ ‘ళ’కూ, ‘త’కూ ‘ట’కూ, ‘ద’కూ ‘డ’కూ మామూలు టైపింగులో తరచుగా తేడా ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు లిపి ఇచ్చే లేఖిని వంటి పరికరాల్లో ‘ద’కు d, ‘డ’కు D అని నియమం ఉంటుంది గానీ, సందేశాలు రాసుకునేవారు ఎవరూ ఆ నియమం పాటించరు. సరసంలో ఎక్కువగా దెబ్బతినేది పొగడ్త. “Nee kallu bagunnayi” అని మన వైపు యువకుడొకడు రాశాడనుకుందాం. రాసినవారి మనసులో ఉన్నది కళ్లు. చదివేవారికి అది కాళ్లు కావచ్చు; వాక్యం చివరి క్రియ రెండింటికీ సరిగ్గానే అతుకుతుంది. కల్లు కూడా గుర్తుకు రావచ్చు, ఈత చెట్లూ తాటి చెట్లూ ఉన్న మన పల్లెల్లో అది రోజూ వినబడే మాటే, అయితే అప్పుడు క్రియ ‘బాగుంది’ అని ఉండాలి కాబట్టి ఆ అనుమానం త్వరగా తీరిపోతుంది. కాళ్ల అనుమానం మాత్రం అంత తొందరగా తీరదు. పరిచయమై వారం కూడా కాని అమ్మాయి ఆ వాక్యాన్ని అలా చదివితే, మెచ్చుకోలు కాస్తా అసభ్యంగా మారుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ యువకుడు తన ఇంట్లో కళ్లను ‘కళ్లు’ అనడు, ‘కండ్లు’ అంటాడు. “Nee kandlu manchigunnay” అని రాసి ఉంటే ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా ఏ అనుమానానికీ తావుండేది కాదు. పొగడ్త అనగానే సినిమా పాటల తెలుగులోకి వెళ్లడం వల్లనే అతనికి ఆ చిక్కు వచ్చింది. తెలుగు లిపిలో చల్లదనం తెచ్చిన పొరపాటూ, ఇంగ్లిష్ అక్షరాల్లో తికమక తెచ్చిన పొరపాటూ చివరికి ఒక్కచోటికే వస్తున్నాయి: రెండుచోట్లా మనిషి తన మాటను పక్కన పెట్టాడు.

అలాగని ఇంగ్లిష్ అక్షరాలను పూర్తిగా వదిలేయమని నేను చెప్పను. సరసానికి మొదట్లో తేలికదనం కావాలి. అవతలివారికి నచ్చకపోతే ‘ఊకెనే అన్న’ అని వెనక్కు తీసుకునే వీలు ఇద్దరికీ ఉండాలి, అది ఇంగ్లిష్ అక్షరాల్లో దండిగా ఉంటుంది. స్పెల్లింగుకు నియమం లేదు, వాక్యానికి మొదలూ తుదీ అక్కర్లేదు, మధ్యలో ఇంగ్లిష్ మాట దూరినా ఎబ్బెట్టుగా ఉండదు. “Miss avtunna” అన్న రెండు మాటలు ఏ స్నేహితుడికైనా పంపవచ్చు. అందులో ప్రేమ ఉందో లేదో చదివేవారు తమకు వీలైనట్టు తీసుకోవచ్చు. అదే భావాన్ని తెలుగు లిపిలో ‘యాదికొస్తున్నవ్’ అని పంపితే తప్పించుకునే దారి ఉండదు. ఆ మాట సూటిగా ఒక మనిషినే చూస్తుంది, చదివినవారు కూడా దానికి ఏదో ఒకటి జవాబు చెప్పవలసి వస్తుంది. దాన్నే “Yaadikosthunnav” అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రెండు లాభాలూ పోతాయి. పదం పొడుగైన కొద్దీ చదివేవారు కూడబలుక్కోవలసి వస్తుంది, అర్థం తేలేసరికి మనసుకు తగలవలసిన సమయం దాటిపోతుంది. అందువల్ల చిన్న మాటలకు ఇంగ్లిష్ అక్షరాలు బాగానే పనికివస్తాయి, పొడుగు క్రియలకు మాత్రం తెలుగు లిపే నయం.

ఈ తేడా తెలిసినవారు లిపి మార్చడాన్నే ఒక సైగగా వాడుకుంటారు. రెండు వారాలుగా ఇంగ్లిష్ అక్షరాల్లో సాగుతున్న సంభాషణలో ఒక రాత్రి హఠాత్తుగా తెలుగు లిపిలో ఒక్క వాక్యం వస్తే, అందులో ఏముందో చదవకముందే అది వేరే మాట అని అవతలివారికి తెలిసిపోతుంది. ఆ సైగకు జవాబు కూడా లిపిలోనే చూడవచ్చు. ఆమె తెలుగు లిపిలో తిరిగి రాస్తే, ఆ దగ్గరితనం ఆమెకు సమ్మతమేనని అనుకోవడానికి కొంత ఆధారం దొరికినట్టు. ఎప్పటిలాగే ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎప్పటంత పొడుగ్గా రాస్తే, తేలికగానే సాగనిద్దామని ఆమె అంటున్నట్టు. మాట పొట్టిదైపోయి, తెలుగు పూర్తిగా పోయి “Thanks” ఒక్కటే మిగిలినా, ‘నువ్వు’ కాస్తా ‘మీరు’ అయినా, ఆమె వెనక్కి జరుగుతున్నదని అర్థం చేసుకుని అక్కడితో ఆగాలి. అలాంటప్పుడు మరింత బరువైన మాటలు తెలుగు లిపిలో పంపడం ఆమెను ఇబ్బంది పెట్టడమే అవుతుంది. ఇవి ఖాయమైన గుర్తులు కావు. బస్సులో ఒంటి చేత్తో టైపు చేసే మనిషి ఏ అక్షరాలు అందితే వాటితోనే రాస్తుంది. ఒక్క సందేశాన్ని బట్టి కాక, నాలుగైదు సందేశాల వరుసను బట్టి చూడాలి.

అలక, గోము వంటి వాటికి ఇంగ్లిష్ అక్షరాలు ఇచ్చే సౌకర్యం మరొకటి ఉంది. మన వైపు పొగిడినవారికి అమ్మాయి ఇచ్చే జవాబు తరచుగా ‘పో’ అనే ఉంటుంది. నోటితో అన్నప్పుడు దాన్ని సాగదీసే తీరులోనే నవ్వు ఉంటుంది. “Poooo” అని o మీద వేలు నాలుగుసార్లు నొక్కితే ఆ సాగతీత వచ్చేస్తుంది. తెలుగు లిపిలో ‘పో’కు ఓత్వాన్ని మళ్లీ మళ్లీ తగిలించబోతే చాలా ఫోన్లలో చుక్కల సున్నాలు పడి అక్షరం చెదిరిపోతుంది. దానికి విరుగుడు కథల్లో రచయితలు ఎప్పటి నుంచో వాడుతున్నదే: గుణింతాన్ని కాక, అచ్చును పక్కన చేర్చాలి. ‘పోఓఓ’, ‘అవునాఆఆ’ అని రాస్తే ఏ ఫోనులోనైనా సరిగ్గా కనబడుతుంది. ఏ సాగతీతా లేకుండా, పక్కన ఎమోజీ కూడా లేకుండా ఉత్త ‘పో’ అని తెలుగు లిపిలో పంపితే మాత్రం అది నిజంగా పొమ్మన్నట్టే ఉంటుంది. ‘పో, ఊకె గిట్లనే అంటవ్’ అని ఇంకో మూడు మాటలు చేరిస్తే ఆ కరుకుదనం పోయి గోము వస్తుంది.

వెచ్చదనానికి సంబంధించినదే అయినా బయటికి చెప్పుకోని కారణం ఇంకొకటి ఉంది. ఇంట్లో టీవీ ముందు పెట్టిన ఫోను మోగగానే లాక్ తెర మీద సందేశం మొదటి వరుస కనిపిస్తుంది. అది తెలుగు లిపిలో ఉంటే పక్కనున్న అమ్మ, నాయినమ్మ ఒక్క చూపులో చదివేస్తారు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే అంత సులభంగా పట్టుకోలేరు. పెళ్లి మాట ఇంకా ఇంట్లో చెప్పని అమ్మాయికి ఈ తేడా చాలా పెద్దది. తాను తెలుగు లిపిలో ఎంత ప్రేమగా రాసినా ఆమె పొడిపొడిగా ఎందుకు జవాబిస్తున్నదో తెలియక బాధపడే అబ్బాయి, ఆమె ఆ సమయంలో ఎక్కడ కూర్చుని ఉంటుందో కూడా ఆలోచించాలి. వాట్సాప్ సందేశాల పాఠం నోటిఫికేషన్‌లో కనబడకుండా ఫోను సెట్టింగుల్లో ఆపుకోవచ్చు. ఆ పని అయ్యేదాకా తెలుగు లిపి మాటలను ఆమె తన గదిలో ఉండే వేళకు దాచుకోవడం ఆమె పట్ల మర్యాద.

ఇంటి మాటను తెలుగు లిపిలో టైపు చేయడం మొదట్లో కాస్త విసుగు పుట్టిస్తుంది, దానికీ కారణం ఉంది. ఎక్కువమంది వాడే జీబోర్డులో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు లిపి వచ్చే పద్ధతి ఉంది. అందులో “tinnava” అని కొట్టినప్పుడు సాధారణంగా ముందుకు వచ్చేది పుస్తక రూపమైన ‘తిన్నావా’యే. తొందరలో స్పేస్ నొక్కితే అదే పడిపోతుంది, మాట ఇంటి నుంచి బడికి పోతుంది. పైన వరుసలో కనిపించే మిగతా రూపాల్లో ‘తిన్నవా’ ఉంటే దాన్ని ఎంచుకోవాలి. లేకపోతే తెలుగు అక్షరాల కీబోర్డులోకి మారి ఒకసారి చేత్తో కొట్టి, ఫోను సొంత నిఘంటువులో చేర్చుకోవాలి. తరచుగా వాడే ‘ఉన్నవ్’, ‘అంటవ్’, ‘వస్త’, ‘ఎట్లున్నవ్’ వంటి పది పన్నెండు రూపాలకు ఈ పని చేసుకుంటే రోజువారీ మాటలకు దాదాపు సరిపోతుంది. మైకులో చెప్పి రాయించుకునేవారు కూడా పంపేముందు ఒకసారి చదువుకోవాలి, ఎందుకంటే నోటితో ‘వస్త’ అన్నా తెర మీద ‘వస్తా’, ‘వస్తాను’ పడే అవకాశం ఎక్కువ. ‘ఉన్నవ్ రా’ అనేటప్పుడు మధ్యలో ఖాళీ వదలాలి. కలిపేస్తే ‘ఉన్నవ్రా’ అని ఒత్తు పడి చదవడానికి ఇబ్బంది అవుతుంది.

ఇదంతా అవతలివారికి తెలుగు చదవడం వచ్చినప్పటి మాట. మన వరంగల్‌లోనే ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బజారులో చక్కని తెలుగు మాట్లాడేవారున్నారు, ఇంగ్లిష్ మీడియంలో చదివి తెలుగును వేగంగా చదవలేనివారూ ఉన్నారు. వారికి తెలుగు లిపిలో పంపిన మాట ఎంత వెచ్చనిదైనా ఒక పరీక్షలాగే ఎదురవుతుంది, చదవలేకపోయానన్న సిగ్గు కూడా తోడవుతుంది. అటువంటి మనిషికి ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాస్తూ, దీర్ఘం ఉన్నచోట aa, ee అని రెండుసార్లు కొట్టి, పొడుగు క్రియలను విడగొట్టి, ‘కండ్లు’, ‘యాది’, ‘మంచిగ’ వంటి ఇంటి మాటలను అలాగే ఉంచితే చాలు. “Nuvvu yaadi ki vasthunnav” అని విడివిడిగా రాసిన మాటను ఆమె తడబడకుండా చదువుతుంది.